బిగువు నాది, వదులు వాడిది

నా చేతిలో పడ్డ కుళాయి ఎక్కువ కాలం బతకదు. నీళ్ళు ఆగిపోయాక కూడా ఇంకొక్క చుట్టు తిప్పనిదే నాకు తృప్తి ఉండదు. పచ్చడి సీసా మూత నేను పెడితే మా ఆవిడ దాన్ని తెరిపించుకోవడానికి పక్కింటికి తీసుకుపోతుంది. పక్కింటాయన సీసా చేతిలోకి తీసుకోగానే, "మీ ఆయన పెట్టినాడా?" అని అడిగి, తువ్వాలు తెచ్చుకుంటాడు. గట్టిగా ఉన్నదే మంచిదని నేను నమ్ముతాను. ఎందుకని ఎవరైనా అడిగితే గట్టిగా ఉంది కాబట్టి అంటాను. ఇంతకు మించిన ఆధారం నా దగ్గర ఎప్పుడూ లేదు.

ఇటువంటి మనిషిని ఫిక్చర్లు చేసే పనిలో పెట్టకూడదు. కానీ నన్ను ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. హిందూపురం శివార్లలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక మిల్లింగ్ మిషను, ఒక సర్ఫేస్ గ్రైండరు, ప్రోగ్రామ్ ఇస్తే దానంతట అదే కోసే వీఎంసీ మిషను ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో పెట్టుకుని, నేనూ నా స్నేహితుడూ కలిసి ఈ పని మొదలుపెట్టాం. ఇద్దరం ఐటీఐలో ఒకే బెంచీ. వాళ్ళ నాయనది సైకిల్ షాపు. వాడు చిన్నప్పటినుంచి చక్రం ఎత్తి వేలితో తట్టి, అది ఎంతసేపు తిరుగుతుందో చూస్తూ పెరిగినవాడు. అందుకని వాడి మతం నా మతానికి పూర్తిగా ఎదురు. ఏదైనా తేలిగ్గా తిరగాలి, తేలిగ్గా జారాలి, తేలిగ్గా ఊడాలి. వాడి చొక్కా గుండీలు కూడా అట్లాగే ఉంటాయి.

ఫిక్చర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. ఫ్యాక్టరీలో ఒకే రకం ముక్కలు వేలకు వేలు డ్రిల్ చేస్తారు. ప్రతిసారీ కొలిచి గీతలు గీసుకుంటూ కూర్చుంటే పని కాదు. అందుకని ఒక మందపాటి ఇనుప ప్లేటు మీద ఆ ముక్క సరిగ్గా ఒకే చోట కూర్చునేట్టు అమరిక చేస్తారు. అదే ఫిక్చర్. ప్లేటు మీద కూర్చునే బ్లాకు రోజూ అదే చోటికి రావాలంటే బోల్టులు చాలవు. బోల్టు పట్టుకుంటుందే తప్ప చోటు చూపించదు. చోటు చూపించేది డోవెల్ పిన్ను. చిటికెన వేలికన్నా సన్నగా, గట్టిపరిచి నున్నగా గ్రైండ్ చేసిన ఉక్కు కడ్డీ ముక్క అది. అది దిగే రంధ్రాన్ని ముందు డ్రిల్‌తో కొంచెం తక్కువగా వేసి, చివరి కొలతకు రీమర్‌తో నున్నగా తీస్తారు. ఏ రీమర్ వాడితే ఆ బిగువు. మా ఇద్దరికీ చెడింది ఆ రీమర్ దగ్గరే.

పెనుకొండ అవతల కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీకి మేము అప్పుడప్పుడు ఫిక్చర్లు చేసి ఇచ్చేవాళ్ళం. అప్పటిదాకా మా దగ్గర ఎనిమిది మిల్లీమీటర్ల పిన్నుకు ఒకటే రీమరు ఉండేది. దాని మీద 8 H7 అని చెక్కి ఉంటుంది. ప్లేటుకూ అదే, బ్లాకుకూ అదే. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రీమరు తీసే రంధ్రం ఎనిమిది కంటే ఒక పదిహేను మైక్రాన్ల దాకా పెద్దగా ఉండొచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ప్యాకెట్‌లో వచ్చే పిన్ను కూడా ఎనిమిది కంటే ఆరు నుంచి పదిహేను మైక్రాన్లు లావుగా ఉంటుంది. అంటే రెండూ ఒకే సందులో తిరిగే మనుషులు. ఎవరు ఎవరికి తగులుతారో ఆ రోజు అదృష్టం. ఒక పిన్ను సుత్తితో కొడితే గాని దిగదు, దాని పక్కది బొటనవేలితో దిగిపోతుంది.

అట్లా వేలితో దిగిన పిన్ను ఒకటి, ఫ్యాక్టరీలో బ్లాకు ఎత్తినప్పుడు దానితో పాటు పైకి లేచి, ఎక్కడో పడిపోయింది. అక్కడి క్వాలిటీ ఇంజనీరమ్మ మాకు ఫోను చేసింది. ధర్మవరం అమ్మాయి. రోజూ రైల్లో వచ్చిపోతుంది. గొంతు పెంచదు.

"అన్నా, కొత్త ఫిక్చర్ ఒకటి కావల్ల. ఎడమ బ్రాకెట్‌కు ఒక బ్లాకు, కుడి బ్రాకెట్‌కు ఒక బ్లాకు, రెండూ ఒకే ప్లేటు మీద మార్చుకుంటాం. ఈసారి పిన్ను ఫిట్టు మీరు ఆలోచించి పెట్టండి. అదృష్టం మీద వదిలిపెట్టొద్దు."

ఆలోచించి పెట్టమంది. అదే మా కొంప ముంచింది.

నేను ఆ సాయంత్రమే 7.98 రీమర్ తెప్పించాను. నా స్నేహితుడు 8.02 తెప్పించాడు. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం. మరునాడు రెండు డబ్బాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాం.

"ఇదేంది?" అన్నాడు వాడు నా డబ్బా చూసి.

"పిన్ను పడిపోయిందని కదా ఫోను చేసింది. ఇంక పడదు."

"పడదులే. బ్లాకు కూడా రాదు. రోజుకు నాలుగుసార్లు మార్చేది ఉండాది, గునపం ఇస్తావా వాళ్ళకు?"

"నీది పెడితే పిన్ను యాడుంటాదో, బ్లాకు యాడుంటాదో ఎతుక్కోవల్ల."

తుక్కు ముక్కల మీద పరీక్ష పెట్టుకున్నాం. ముందు నాది. ప్లేటుకూ బ్లాకుకూ 7.98 రీమరే వాడాను. పిన్ను కంటే రంధ్రం పాతిక మైక్రాన్ల దాకా చిన్నదైంది. ప్రెస్ మీద పిన్నులు దించుతుంటే హ్యాండిల్ మూలిగింది. నాకు ఆ మూలుగు సంగీతంలా ఉంది. తరువాత వాటి మీద బ్లాకు పెట్టి రాగి సుత్తితో కొట్టాను. దిగింది. దిగిన తర్వాత నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తియ్యి," అన్నాడు వాడు.

ఆ బ్లాకును తియ్యడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను. మొదట చేత్తో లాగాను. తరువాత స్క్రూడ్రైవర్ సందులో పెట్టి లేపాను. స్క్రూడ్రైవర్ వంగింది. తరువాత రెండు వైపులా సుత్తితో తట్టాను. బ్లాకు మూల చితికింది. చివరికి ఊడినప్పుడు పిన్నుల మీద గీతలు, రంధ్రంలో గీతలు, నా మణికట్టు మీద గీతలు. వాడు ఇంతసేపూ స్టూలు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

తరువాత వాడి వంతు. రెండింటికీ 8.02. పిన్నుకు నూనె రాసి రంధ్రం మీద నిలబెడితే దాని బరువుకు అదే లోపలికి జారిపోయింది. వాడు ముచ్చటగా చూశాడు. బ్లాకు కూడా అట్లాగే జారి కూర్చుంది. నేను కదలిక కొలిచే డయల్ గేజీని బ్లాకు పక్కకు ఆనించి, బ్లాకును అటూ ఇటూ తోశాను. ముల్లు ఇరవై మైక్రాన్ల పైన ఊగింది. పిన్ను ప్లేటులో కొంత కదిలె, బ్లాకు పిన్ను మీద కొంత కదిలె, రెండు కదలికలూ కలిసి వచ్చాయి. నేను ప్లేటును తలకిందులు చేశాను. రెండు పిన్నులూ చిప్పుల ట్రేలో పడ్డాయి. వాడు అయస్కాంతం తెచ్చి ఆ ఇనుప రజనులో వెతుకుతుంటే, ఈసారి శెనక్కాయలు నేను తిన్నాను.

అక్కడితో నవ్వుకుని ఆగిపోయుంటే బాగుండేది. నేను ఆగలేదు.

"మీ నాయన బిగించిన సైకిళ్ళన్నీ ఇట్లే ఊగులాడుతాండె గదా. నీకు వేరే ఎట్ల వస్తాది?" అన్నాను.

వాళ్ళ నాయన పోయి అప్పటికి ఇంకా ఏడాది తిరగలేదు. నేను ఆ మాట నోరు దాటిన తర్వాత గుర్తు చేసుకున్నాను. వాడు పిన్నులు రెండూ బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు వచ్చాడు. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఎందుకంటే క్షమించమని అడగడం ఎట్లాగో నాకు తెలియదు. గట్టిగా ఉండడం ఒక్కటే తెలుసు. మిషను తలుపు మీద వాడు సుద్దముక్కతో రాసిపెట్టాడు: ప్లేటు నీది, బ్లాకులు నావి. నేను దాని కింద సరే అని రాశాను. అంతే మా వ్యాపార చర్చ.

పొద్దున మిషను నాది, మధ్యాహ్నం వాడిది. రంధ్రాల మధ్య దూరం మాత్రం ఒకటే ఉండాలి కాబట్టి ఒకే ప్రోగ్రామ్ వాడుకున్నాం. అందులో మాత్రం ఎవరమూ మొండికేయలేదు. ప్లేటుకు నేను ముందు డ్రిల్ వేసి, ఎండ్‌మిల్‌తో రంధ్రాన్ని 7.8కి నిటారుగా చేసి, నెమ్మదిగా, ధారాళంగా నూనె పోస్తూ రీమర్ దించాను. ఆ రీమరు 7.98 కాదు, 7.99. తుక్కు ముక్క మీద ఏం జరిగిందో నేను కూడా చూశాను కదా. ఒక మెట్టు దిగాను. అయితే అది వాడికి కనిపించకుండా డబ్బా మార్చేశాను. కొలిస్తే పిన్ను కంటే రంధ్రం పదిహేను మైక్రాన్లు తక్కువ వచ్చింది. ప్రెస్‌లో పిన్ను గట్టిగా, కానీ మూలగకుండా దిగింది. రంధ్రం అడుగున చిన్న రంధ్రం ఒకటి ప్లేటు అవతలి వైపుకు తీసి ఉంచాను. అది లేకపోతే లోపల చిక్కిన గాలి, నూనె పిన్నును పైకి తోస్తాయి. ఎప్పుడైనా పిన్ను మార్చాలన్నా కింద నుంచి పోగరు, అంటే సన్నని ఇనుప కడ్డీ, పెట్టి కొట్టొచ్చు.

వాడు బ్లాకులకు ఏం చేస్తున్నాడో నేను చూడలేదు. చూడనట్టు నటించాను కూడా. 8.02 రీమరు డబ్బా ఖాళీగా ఉండడం మాత్రం కనిపించింది. నా మనసులో ఒకటే మాట. వీడి బ్లాకు వల్ల ఫిక్చరు చెడిపోతుంది, అప్పుడు తెలుస్తుంది. వాడి మనసులో కూడా అదే ఉందని తరువాత తెలిసింది. ఇద్దరం ఒకే వస్తువు చేస్తూ, అది పనికిరాకుండా పోవాలని శ్రద్ధగా కోరుకుంటున్నాం.

మధ్యలో ధర్మవరం ప్రయాణం ఒకటి వచ్చి పడింది. వాడి చెల్లెలి పెళ్ళికి పట్టుచీర కావాలి. మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం. మా బామ్మర్ది మగ్గం నేస్తాడు, ఇంట్లోనే అమ్ముతాడు. గొడవకు ముందే మా ఆవిడా వాడి భార్యా మాట్లాడుకుని పెట్టుకున్నారు. మా మౌనం కోసం పెళ్ళి ఆగదు కదా. హిందూపురంలో నలుగురం ఒకే రైలెక్కాం. వాళ్ళిద్దరూ ఒక కిటికీ దగ్గర, మేమిద్దరం ఎదురెదురుగా. పెనుకొండ కొండ కనిపించి పోయేదాకా నేను దాన్నే చూశాను. వాడు పైన ఫ్యాను చూశాడు. ఆ ఫ్యాను తిరగడం లేదు.

మా బామ్మర్ది చాప పరిచి చీరలు తెచ్చి పోశాడు. ఆడవాళ్ళు ఎరుపులు వెలుతురులో తిప్పి చూస్తున్నారు. మేమిద్దరం చాపకు చెరో కొసన కూర్చున్నాం.

"ఏమి బావా, నువ్వూ ఈ అన్నా ఒకరి మొగం ఒకరు చూసుకోరు?" అని అడిగాడు బామ్మర్ది.

"కొట్లాడుకున్నారు," అంది మా ఆవిడ చీర అంచు వదలకుండా. "బొక్క కోసం."

"బొక్కనా?"

"అంతలావు బొక్క కూడా కాదన్నా," అంది నా స్నేహితుడి భార్య. "నా చిటికెన వేలు కూడా పట్టదు."

నేను ఊరుకోలేకపోయాను. బామ్మర్దికి ప్లేటు అంటే ఏమిటి, పిన్ను అంటే ఏమిటి, పిన్ను వదులైతే దేశానికి ఏమవుతుంది అనేది వివరించడం మొదలుపెట్టాను. నా స్నేహితుడు గోడకు తగిలించిన క్యాలెండరు వైపు చూస్తూ, బిగువెక్కువైతే ఏమవుతుందో ఆ క్యాలెండరుకు చెప్పాడు. బామ్మర్ది ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నాడు.

"అర్థమాయె బావా. కాఫీ తాగుతారా?" అన్నాడు.

మా అత్త కాఫీ తెచ్చి వాడి ముందు పెడుతూ, "నాయన పోయిన ఏడు. మనసు బాగుండదులే," అని ఎవరికీ కాకుండా అంది. వాడు తల దించుకుని కాఫీ తాగాడు. నా గ్లాసు నేను అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానో తెలియదు, వేళ్ళు కాలాయి.

ఆ తరువాతి వారమే ఫిక్చర్ పెనుకొండకు చేర్చాలి. వాడు ప్లేటునూ బ్లాకులనూ ఆటోలో వేసుకుని వచ్చాడు. నేను బండి మీద వెనకాల వచ్చాను. అప్పటిదాకా ప్లేటు మీద బ్లాకు ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు. పెట్టాలంటే ఇద్దరం ఒకే బల్ల దగ్గర నిలబడాలి. నలభై దాటిన మనుషులం.

ఇంజనీరమ్మ బల్ల మీద ప్లేటు తుడిచి, ఎడమ బ్లాకు తీసుకుని పిన్నుల మీద పెట్టింది. బ్లాకు పిన్నుల కొసల మీద ఒక్క క్షణం ఆగి, తానే మెత్తగా కిందికి దిగింది. చివర టక్కుమని చిన్న శబ్దం. ఆమె రెండు వేళ్ళతో ఎత్తింది. వచ్చింది. పిన్నులు రెండూ ప్లేటులో కదలకుండా నిలబడి ఉన్నాయి. మళ్ళీ పెట్టింది, డయల్ ఆనించింది, తీసింది, పెట్టింది. ముల్లు ప్రతిసారీ పది మైక్రాన్ల లోపల అదే గీతకు వచ్చి నిలబడింది. కుడి బ్లాకూ అంతే.

"ప్లేటులో ప్రెస్ ఫిట్టు, బ్లాకులో స్లిప్ ఫిట్టు," అంది ఆమె. "ఇదే నేను అడిగింది. ఎవరు డిసైడ్ చేసింది అన్నా?"

నేను వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి.

"ఇద్దరం," అన్నాం ఇద్దరం.

తిరిగి వస్తూ సోమందేపల్లి దగ్గర రోడ్డు పక్క టీ కొట్టు ముందు వాడి ఆటో ఆగి ఉంది. నేనూ బండి ఆపాను. వాడు నాకు కూడా ఒక టీ చెప్పి ఉంచాడు.

"ఆ ఇంజనీరు పాప అడిగినప్పుడు నీకు తెలుసా, అది ఎట్ల కుదిరిందో?" అని అడిగాడు.

"తెల్దు."

"నాకూ తెల్దు."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగిన తర్వాత నేను, "ఆ పొద్దు నాయన మాట అనాల్సింది కాదు," అన్నాను.

"మా నాయన వినుంటే ఆయనే నవ్వుతాండె," అన్నాడు వాడు. "ఊగేది నిజమే. కానీ నువ్వు అన్యావు చూడు, అది తట్టుకోలేకపోతి."

టీ తాగి, ఎవరి బండి వాళ్ళం ఎక్కాం.

ఇక్కడితో ఆగిపోతే నేను మంచివాడిగా మిగిలిపోయేవాణ్ణి. కానీ మెప్పు అనేది నాలాంటివాడికి ఇవ్వకూడని వస్తువు. మా షెడ్డు వరసలో ఉన్న అందరికీ నేను ఫిట్టుల మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. పక్క షెడ్డులో గేట్లు వెల్డింగ్ చేసే ఆయనకు డోవెల్ పిన్నుతో జన్మలో పని పడదు. ఆయనకు కూడా చెప్పాను. "రహస్యం ఏమంటే, ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. రెండు పక్కలా బిగువైతే ఊడదు, రెండు పక్కలా వదులైతే నిలవదు." ఇంతవరకూ నిజమే. ఆయన ఒక ప్రశ్న అడిగాడు, "ఏ పక్క ఏది?" అని.

"ఏదైనా ఒకటే," అన్నాను నేను ధీమాగా.

కొంతకాలానికి అదే ఫ్యాక్టరీ నుంచి ఇంకొక ఫిక్చర్‌కు ఆర్డరు వచ్చింది. ఈసారి మూడు మోడళ్ళు, ఒక ప్లేటు, మూడు బ్లాకులు. ఇప్పుడు మా మధ్య మాటలున్నాయి, మర్యాదలున్నాయి.

"పోయినసారి బరువైన ప్లేటు మిషను మీదికి నువ్వే ఎత్తినావు. ఈసారి అది నేను చేస్తాలే," అన్నాడు వాడు.

"సరే, బ్లాకులు నేను చేస్తా," అన్నాను.

వాడు ప్లేటుకు 8.02 వాడాడు. నేను బ్లాకులకు 7.99 వాడాను. ఎవరి నమ్మకం వాళ్ళది, ఇంతకుముందు అట్లాగే కదా గెలిచాం. పిన్నులు బ్లాకుల్లో గట్టిగా కూర్చున్నాయి. బ్లాకు కింద రెండు పిన్నులూ బయటికి పొడుచుకుని వచ్చాయి. ప్లేటు రంధ్రాల్లోకి అవి హాయిగా జారాయి. డయల్ పెట్టి చూస్తే బాగానే ఉంది. ఈసారి ఇద్దరం ఒకే బల్ల దగ్గర నిలబడి, కలిసి చూసి, కలిసి సంతోషించాం. నేను దాని ఫొటో కూడా తీసి బామ్మర్దికి పంపాను. ఆయన నమస్కారం బొమ్మ తిరిగి పంపాడు.

కొన్నాళ్ళకు ఇంజనీరమ్మ ఫోను.

"అన్నా, ఒకసారి ఇద్దరూ రాండి."

గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

వెళ్ళేసరికి డ్రిల్లింగ్ మిషను ఖాళీగా ఉంది. పక్కన ట్రాలీలో ఎర్ర గుర్తు వేసిన ముక్కలు. రంధ్రాలు చోటు తప్పిన ముక్కలవి. ఆమె మమ్మల్ని బల్ల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ మా బ్లాకులు రెండు, ఇనుప బల్ల మీద తమ పిన్నుల మీద తామే నిలబడి ఉన్నాయి, పీటల మాదిరి. మూడోది పక్కకు ఒరిగి పడి ఉంది.

"బ్లాకు తీసినాక యాడ పెడతారు? బల్ల మీద పెడతారు. ఎట్ల పెట్టినా ఈ పిన్నుల మీదనే పడతాది," అంది. ఒక బ్లాకు తిప్పి చూపించింది. పిన్ను కొసలు దెబ్బలు తిని, అంచుల్లో చిన్న చిన్న బొబ్బలు లేచి ఉన్నాయి. "ఇంక ప్లేటు చూడండి."

ప్లేటు రంధ్రాలు పైకి నోరు తెరుచుకుని ఉన్నాయి. బ్లాకు మార్చిన ప్రతిసారీ వాటిలోకి డ్రిల్లింగ్ రజను, చల్లబరచడానికి పోసే కూలెంట్ దిగి, అడుగున గట్టిగా పేరుకున్నాయి. బొబ్బలు లేచిన పిన్ను ఆ రజను మీద దిగితే బ్లాకు ప్లేటుకు ఆనదు. ఒక మూల లేచి కూర్చుంటుంది. ఆపరేటరు బోల్టు బిగిస్తాడు. ముక్క వంకరగా డ్రిల్ అవుతుంది.

"పిన్ను ఎప్పుడూ కదలని దాంట్లో బిగించల్ల," అంది ఆమె. "ప్లేటు ఈడే ఉంటాది. బ్లాకు పోతాంటాది, వస్తాంటాది. పోయే దానికి కాళ్ళు పెడితే ఎట్ల? ప్లేటులో ఉంటే రెండే పిన్నులు, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అయిపోతాది. ఇప్పుడు చూడండి, ఆరు పిన్నులు, ఆరూ దెబ్బ తిన్యాయి. పోయినసారి మీరే కదా అంత చక్కగా చేసింది? ఈసారి ఏమాయె?"

నేను గొంతు సవరించుకున్నాను. ఏదో ఒక సిద్ధాంతం చెబుదామని నోరు తెరిచాను కూడా. నా స్నేహితుడు నాకు ముందే అందుకున్నాడు.

"పోయినసారి మేము మాట్లాడుకోలేదు మేడం," అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. వాడు మొత్తం చెప్పాడు. రెండు రీమర్లు, శెనక్కాయలు, సుద్దముక్క రాతలు, ధర్మవరం క్యాలెండరు. నేను మధ్యలో రెండుసార్లు సవరించబోయి, సవరించడానికి ఏమీ లేదని ఊరుకున్నాను. ఆమె బల్ల అంచు పట్టుకుని నవ్వింది. పక్కన నిలబడ్డ ఆపరేటరు కూడా మొహం అటు తిప్పుకున్నాడు. ఆ నవ్వు సద్దుమణిగాక ఆమె, "అయితే ఈసారి కూడా మాట్లాడుకోవద్దండి అన్నా, నేను చెప్తా, మీరు చేయండి," అంది.

మేము తల ఊపాం. నేను కొంచెం ఎక్కువగానే ఊపాను.

ప్లేటునూ బ్లాకులనూ హిందూపురం తెచ్చుకున్నాం. 8.02కి పోయిన రంధ్రాన్ని మళ్ళీ చిన్నది చెయ్యలేం కదా. ఇనుము ఊరేది కాదు. పెద్ద పిన్నుకు పోవడం ఒక్కటే దారి. బ్లాకుల్లోంచి పాత పిన్నులు పోగరుతో కొట్టి తీశాను. నేను బిగించినవి కాబట్టి తీయడం కూడా నేనే చెయ్యాలన్నాడు వాడు. చెమటలు పట్టాయి. పాత రంధ్రం మధ్య ఎక్కడుందో డయల్‌తో ఒక్కొక్కటీ పట్టుకుని, అన్నింటినీ పది మిల్లీమీటర్ల పిన్నుకు పెంచాం. ప్లేటుకు 9.99 రీమరు, బ్లాకులకు 10.02. ప్లేటు వాడు చేశాడు, వాడి చేత్తో బిగువు రంధ్రం. బ్లాకులు నేను చేశాను, నా చేత్తో వదులు రంధ్రం. ఆ 10.02 రీమరు దించుతున్నంతసేపూ నాకు ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండింది. మొదటి బ్లాకు పూర్తయ్యాక పిన్ను పెట్టి చూస్తే అది చప్పుడు లేకుండా జారిపోయింది. నేను మళ్ళీ పైకి తీసి, మళ్ళీ జార్చాను. ఇంకోసారి.

"ఏమప్పా, ఆడుకుంటాండావా?" అన్నాడు వాడు ప్లేటు దగ్గర్నుంచి.

"కొలుస్తాండా," అన్నాను.

మళ్ళీ పెనుకొండ తీసుకుపోయాం. ఆపరేటరు ప్లేటు తుడిచి బ్లాకు పెట్టాడు. ఆమె వచ్చి డయల్ చూసి, సరేనన్నట్టు తల ఊపి, వేరే పని మీద వెళ్ళిపోయింది. మెచ్చుకోలేదు. మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు, పని మామూలుగా జరుగుతోంది. బ్రాకెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఫిక్చర్‌లోకి పోతున్నాయి, రంధ్రాలు పడి వస్తున్నాయి. కొంతసేపటికి ఆపరేటరు బ్లాకు మార్చాడు. రెండు వేళ్ళతో ఎత్తాడు, ఇంకొకటి దించాడు. ఒక్క చూపు కూడా వృథా చెయ్యలేదు దాని మీద.

మేమిద్దరం పక్కన నిలబడి, సినిమా చూసినట్టు చూస్తున్నాం. వాడు నా చెవి దగ్గరికి వచ్చి, "చూడరా, ఎంత బాగా కూర్చుంటాండాదో," అన్నాడు. అది వదులుదనం గొప్ప అని వాడి ఉద్దేశం. "పిన్ను కదలకుండా ఉండాది కాబట్టి," అన్నాను నేను.

ఆపరేటరు వెనక్కి తిరిగాడు. అతని చేతుల్లో బ్రాకెట్ల ట్రే ఉంది. దారికి అడ్డంగా మేము నిలబడి ఉన్నాం.

"కొంచెం జరగండి సార్," అన్నాడు.

జరిగాం.